మహాలయ పక్షాలు: పురోహితుడు దొరకని ఇంట్లో పెద్దలకు పెట్టుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి సందడి తగ్గగానే కర్నూలు, కడప, అనంతపురం వైపు ఇళ్ళలో ఏటా అవే సందేహాలు మొదలవుతాయి. ఏ రోజు పెట్టాలి, ఏం వండాలి, పంతులు రాకపోతే ఎలా అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. మీ ఇంటి ఆచారం వేరుగా ఉంటే దాన్నే పాటించండి. ఏ ఆచారమూ చెప్పే పెద్దవాళ్ళు లేని ఇళ్ళకోసం ఇది.

## రోజు నిర్ణయించుకునే ముందు

మహాలయ పక్షాలు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు. 2026లో సెప్టెంబరు 27 ఆదివారం మొదలై అక్టోబరు 10 శనివారం ముగుస్తాయి. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల తేదీలు ఇంత వెనక్కి జరిగాయి. 2025లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 21నే వచ్చింది. ఉత్తరాది క్యాలెండర్లలో ఇదే పక్షాన్ని ఆశ్వయుజ మాసం కింద రాస్తారు. రోజులు మాత్రం అవే.

మా నాన్న చనిపోయిన తేదీ తెలుసు, తిథి తెలియదు. ఏ రోజు పెట్టాలి?

ఆ తేదీని, వీలైతే చనిపోయిన వేళను తీసుకుని ఆ సంవత్సరపు పంచాంగంలో తిథి చూడాలి. ఒక ఉదాహరణ చెబుతాను. ఒకాయన 2021 మే 14 మధ్యాహ్నం పోయారనుకుందాం. ఆ రోజు వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ. ఏటా చేసే తద్దినం వైశాఖ శుద్ధ తదియ నాడు వస్తుంది. మహాలయానికి మాసం, శుద్ధమా బహుళమా అన్నది చూడరు, తిథి ఒక్కటే తీసుకుంటారు. కాబట్టి ఆయనకు భాద్రపద బహుళ తదియ నాడు పెట్టాలి. 2026లో అది సెప్టెంబరు 29 మంగళవారం.

ఇక్కడ చాలామంది తడబడేది ఒక విషయంలో. పండుగలకు సూర్యోదయానికి ఉన్న తిథి చూసినట్టే దీనికీ చూస్తారు. పితృకార్యానికి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటిన వేళలో, ఏ తిథి ఉందో అది లెక్క. పొద్దున విదియ ఉండి మధ్యాహ్నానికి తదియ వచ్చి సాయంత్రం దాకా ఉంటే, ఆ రోజునే తదియగా తీసుకుంటారు. గోడ క్యాలెండరులో గడిలో రాసిన తిథి పేరుతో ఆగిపోకండి. దాని పక్కన 'ఉ. 11-20 వరకు' అన్నట్టు ఉండే సమయం కూడా చదవండి.

తిథి అసలే తెలియకపోతే?

అమావాస్య నాడు పెట్టుకోండి. సర్వపితృ అమావాస్య అని పేరు రావడానికి కారణం అదే. తిథి తెలియనివారు, ఎవరూ పెట్టేవారు లేనివారు, పేర్లు మరిచిపోయిన పాత తరాలవారు అందరికీ ఆ ఒక్క రోజు సరిపోతుంది. తిథి తెలిసినా ఆ రోజు ఉద్యోగం వల్ల వీలుకాకపోతే అమావాస్యకు మార్చుకోవచ్చు. ఇది లోపం కాదు, వాడుకలో ఉన్న ఏర్పాటే.

అమ్మ పసుపు కుంకుమలతో పోయింది. ఆమెకు వేరే రోజు ఉందా?

ఉంది. బహుళ నవమిని అవిధవా నవమి అంటారు. ఏ తిథిన పోయినా, భర్త ఉండగా వెళ్ళిపోయిన తల్లికి ఆ రోజు పెడతారు. పురోహితుడు లేని ఇంట్లో దీనికి అందమైన పద్ధతి ఒకటుంది. ఒక ముత్తైదువను భోజనానికి పిలిచి, పసుపు, కుంకుమ, గాజులు, రవిక గుడ్డ, శక్తి ఉంటే చీర పెట్టి పంపడం. మా వైపు చాలా ఇళ్ళలో తల్లికి ఇష్టమైన రంగు చీరే వెతికి తెస్తారు.

ప్రమాదంలో పోయినవారికి, సన్యాసం తీసుకున్నవారికి?

ప్రమాదంలోనో ఆయుధం వల్లనో పోయినవారికి బహుళ చతుర్దశి. సన్యాసులకు ద్వాదశి. మామూలుగా చతుర్దశి తిథిలో కాలం చేసినవారికి మాత్రం చతుర్దశి నాడు పెట్టరు, అమావాస్య నాడు పెడతారు.

నాన్న ఉన్నారు, తాత పోయారు. మనవడిగా నేను చేయవచ్చా?

నాన్న ఉండగా తర్పణం వదిలే అధికారం ఆయనదే. మీరు పక్కన ఉండి సామాను అందించండి, వంట చూడండి, దానం మీ చేతుల మీదుగా ఇవ్వండి. నాన్నకు కూర్చోలేని అనారోగ్యం ఉంటే కుర్చీలోనే చేయించవచ్చు.

అన్నదమ్ములం వేర్వేరు ఊళ్ళలో ఉన్నాం. ఒకరు చేస్తే చాలా?

ఉమ్మడిగా ఉంటే పెద్దవాడు చేస్తే చాలు. పొయ్యిలు వేరుపడి ఉంటే ఎవరింట్లో వారు పెట్టుకోవాలి. ఒకరు ప్రొద్దుటూరులో, ఒకరు బెంగళూరులో ఉన్నా ఇదే మాట.

ఇంట్లో మగపిల్లలు లేరు. ఆడపిల్లలం చేయకూడదంటున్నారు.

కొడుకులు లేనప్పుడు భార్య, కూతురు, కూతురి కొడుకు చేయవచ్చని ధర్మశాస్త్రాల్లోనే వరుస చెప్పారు. మంత్రం లేకుండా చేయాలంటారు, అంతే. వంట, విస్తరి, దానం, కాకికి ముద్ద, వీటిలో ఆడవారికి ఏ అడ్డూ లేదు. తర్పణం విషయంలో మీ ఇంటి పెద్దలు అభ్యంతరపెడితే కూతురి కొడుకు చేత నీళ్ళు వదిలించండి. మనవడూ లేకపోతే మీరే వదలండి. పెట్టేవారు ఎవరూ లేక ఆ పెద్దలు మిగిలిపోవడం కంటే కూతురు పెట్టడం వెయ్యి రెట్లు మేలని నా గట్టి అభిప్రాయం.

నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఎక్కువ ఇళ్ళలో సంవత్సరీకం అయ్యేవరకు ఆయనకు మహాలయం పెట్టరు. మరుసటి ఏడాది నుంచి మొదలుపెడతారు.

## పురోహితుడు లేకుండా

అసలు పంతులు లేకుండా చేస్తే చెల్లుతుందా?

పార్వణ శ్రాద్ధం, పిండప్రదానం అనేవి మంత్రం తెలిసినవారు చేయించవలసినవి. క్రమం, ఆవాహనం, భోక్తలు అన్నీ వాటిలో ఉంటాయి. వీడియో చూసి సగం సగం మంత్రాలు పలుకుతూ పిండాలు పెట్టవద్దనే చెబుతాను. మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియక, ఏది ఎటు పెట్టాలో తెలియక మనసు పెద్దల మీద కాకుండా ఫోను మీదే ఉంటుంది.

కానీ మహాలయం అంటే అదొక్కటే కాదు. విష్ణు పురాణంలో ఔర్వ మహర్షి సగర చక్రవర్తికి శ్రాద్ధ విధి చెబుతూ, శక్తి లేనివాడి కోసం ఒక్కొక్క మెట్టూ దిగివస్తాడు. అన్నం పెట్టలేకపోతే వండని ధాన్యం ఇవ్వు. అదీ లేకపోతే గుప్పెడు నువ్వులు ఇవ్వు. అదీ కుదరకపోతే ఏడెనిమిది నువ్వులతో నీళ్ళు వదులు. అదీ లేకపోతే ఆవుకు ఒక రోజు మేత వెయ్యి. ఏదీ లేనివాడు అడవికి వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర ధనం లేదు, శ్రాద్ధానికి పనికివచ్చేది ఏదీ లేదు, నా భక్తితోనే పితరులు తృప్తి చెందాలి అని చెప్పుకుంటే చాలు అంటాడు. పురోహితుడు లేని ఇల్లు ఈ మెట్లలో తనకు వీలైన చోట నిలబడవచ్చు. నువ్వుల నీళ్ళు, ఒక విస్తరి భోజనం, ఒక స్వయంపాకం, ఈ మూడూ దాదాపు ప్రతి ఇంటికీ సాధ్యమే.

అమావాస్య నాడు పురోహితులు దొరకడం లేదు. ముందే ఏం చేయాలి?

ఆ ఒక్క రోజు అందరికీ వారే కావాలి, అందుకే దొరకరు. మీకు తిథి తెలిసి ఉంటే ఆ తిథినాడు అడగండి, సులువుగా వస్తారు. మరో దారి నదీతీర క్షేత్రం. కర్నూలువారు తుంగభద్ర ఒడ్డుకో మంత్రాలయానికో, కడపవారు పెన్న ఒడ్డున పుష్పగిరికో, తాడిపత్రివారు బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి దగ్గర పెన్నకో వెళ్ళవచ్చు. సంగమేశ్వరం వెళదామనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ పక్షం రోజుల్లో అక్కడి పాత గుడి సాధారణంగా శ్రీశైలం జలాశయం నీళ్ళలో మునిగి ఉంటుంది. నదికి వెళితే ప్రవాహం చూసి మెట్ల మీదనే ఉండండి. పైన డ్యాము గేట్లు ఎత్తితే ఈ నెలలో నీటిమట్టం చెప్పకుండా పెరుగుతుంది.

## సామాను, వంట

ఏమేం తెచ్చుకోవాలి?

నల్ల నువ్వులు 50 గ్రాములు ఉంటే ఇంటికంతా సరిపోతాయి. ముందురోజే కడిగి ఆరబెట్టండి, రాళ్ళు పోతాయి. పూజా సామాను కొట్లో చిన్న దర్భ కట్ట దొరుకుతుంది. ఒక రాగి లేదా ఇత్తడి చెంబు, నీళ్ళు పట్టడానికి వెడల్పాటి పళ్ళెం, అరటి ఆకులు లేదా మోదుగ విస్తర్లు, నెయ్యి, తేనె, పూలు కావాలి. ఇనుప పాత్ర వాడరు. దర్భ దొరకకపోతే అందుకోసం ఆగిపోకండి. నువ్వులు, నీళ్ళు మాత్రం తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యమైన సామాను ఒక కాగితం. దాని మీద గోత్రం, నాన్న వైపు మూడు తరాల పేర్లు, అమ్మ వైపు మూడు తరాల పేర్లు రాసుకోండి. జేజినాయన తండ్రి పేరు చాలామందికి తెలియదు. పాత పొలం పాసుపుస్తకంలో, రిజిస్ట్రేషన్ కాగితాల్లో, పెళ్ళి పత్రికల్లో వెతకండి. ఊళ్ళో ఉన్న మేనత్తను అడగండి. ఒకసారి రాసి ఫొటో తీసి పిల్లలకు పంపితే మళ్ళీ వెతకనక్కరలేదు.

గోత్రం తెలియకపోతే?

కాశ్యప గోత్రం అని చెప్పుకోవచ్చు. పేరు తెలియకపోతే 'మా ముత్తాత గారు' అంటే చాలు.

విస్తరిలో ఏం వడ్డించాలి?

అన్నం, ముద్దపప్పు, నెయ్యి, రెండు కూరలు, ఒక పచ్చడి, చారు, పెరుగు, పాయసం, ఉద్దిపప్పు వడలు. మా వైపు చాలా ఇళ్ళలో ఓళిగలు కూడా చేస్తారు. కూరలకు అరటికాయ, చేమగడ్డ, కంద, కాకరకాయ, గోరుచిక్కుడు, పొట్లకాయ తీసుకుంటారు. ఉల్లి, వెల్లుల్లి, మసాలా వాడరు. ముల్లంగి, క్యాబేజీ, క్యారెట్, మునక్కాయ కూడా చాలా ఇళ్ళలో పక్కన పెడతారు. మిరపకాయ బదులు మిరియాలు వాడే ఇళ్ళూ ఉన్నాయి.

ఐదారుగురికి పావు కిలో ఉద్దిపప్పు చాలు. రెండు గంటలు నానబెట్టి, నీళ్ళు చాలా తక్కువ పోసి రుబ్బండి. పిండి జారుగా అయితే వడ నూనె పీల్చేస్తుంది. కొంచెం పిండి నీళ్ళలో వేసి చూడండి, తేలితే సరిగా రుబ్బినట్టే. పాయసంలో బెల్లం పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి, దించి కాస్త చల్లారాక కలపండి.

అన్నిటికీ ఒకే నియమం: విస్తరి వేసేవరకు ఎవరూ రుచి చూడకూడదు. ఉప్పు అందుకే ఈ రోజు కొలిచి వేస్తారు.

నాన్నకు మాంసం అంటే ప్రాణం. పెద్దలకు మాంసం పెట్టవచ్చా?

మన జిల్లాల్లో చాలా కులాల్లో మహాలయ అమావాస్య నాడు పెద్దలకు కోడికూరో పొట్టేలు కూరో వండి పెట్టే ఆచారం తరతరాలుగా ఉంది. మీ ఇంట్లో ఉంటే సిగ్గుపడవలసిందేమీ లేదు. అది కూడా ఆ పెద్దలు తిన్న అన్నమే. అయితే తర్పణం వదిలేవారు అది పూర్తయ్యేవరకు ముట్టుకోరు, శాకాహార విస్తరి వేరుగా వేస్తారు. మీ ఇంట్లో ఎప్పుడూ లేని ఆచారాన్ని కొత్తగా మొదలుపెట్టకండి.

2026లో అమావాస్య శనివారం వచ్చింది. శనివారం వేంకటేశ్వరస్వామికి మాంసం మానే ఇళ్ళు ఇక్కడ ఎక్కువ. అలాంటివారు ఆ రోజు వడ, పాయసంతో పెట్టుకోండి. పోయిన పెద్దలు కూడా శనివారం పాటించినవారే కదా.

బట్టలు పెట్టాలా?

పెట్టే ఇంట్లో పంచె, చీర కొత్తవి తెచ్చి ఫొటో ముందు పెట్టి, తర్వాత ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. సంక్రాంతికి పెట్టే ఇళ్ళవారు ఇప్పుడు మళ్ళీ పెట్టనక్కరలేదు.

## ఆ రోజు

ఏ సమయానికి చేయాలి?

పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. అక్టోబరు మొదట్లో మన ప్రాంతంలో సూర్యోదయం ఆరు దాటి కొద్ది నిమిషాలకు, సూర్యాస్తమయం ఆరుకు అటూ ఇటూ. ఆ లెక్కన మధ్యాహ్నం సుమారు ఒంటిగంటా పావు నుంచి మూడున్నర వరకు. ఆఫీసుకు వెళ్ళాలని ఉదయం ఏడింటికే ముగించే అలవాటు పెరిగింది. కుదిరితే అలా చేయకండి. సెలవు దొరకకపోతే సెలవు రోజున వచ్చే తిథినో, అమావాస్యనో ఎంచుకోండి.

తర్పణం ఇంట్లో నేనే ఎలా వదలాలి?

తలస్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని, దక్షిణ ముఖంగా కూర్చోండి. జంధ్యం ఉన్నవారు కుడి భుజం మీదికి మార్చుకుంటారు, లేనివారు కండువాను అలా వేసుకోవచ్చు. ఎదురుగా పళ్ళెం, పక్కన చెంబులో నీళ్ళు. ముందు మీ మాటల్లోనే చెప్పుకోండి: "ఈ భాద్రపద బహుళ అమావాస్య నాడు, మా పితృదేవతల తృప్తి కోసం తిలతర్పణం చేస్తున్నాను."

కుడి చేతిలో కొన్ని నువ్వులు వేసుకుని, ఎడమ చేత్తో నీళ్ళు పోసుకుంటూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పళ్ళెంలోకి జారవిడవండి. వేళ్ళ కొసల నుంచి వదిలేది దేవతలకు. పెద్దలకు ఈ సందులో నుంచే వదలాలి. "కాశ్యప గోత్రంలో పుట్టిన మా నాన్న ఫలానా గారికి ఈ నువ్వుల నీళ్ళు సమర్పిస్తున్నాను, తృప్తి చెందండి" అని ఒక్కొక్కరికీ మూడుసార్లు.

వరుస ఇలా: నాన్న, జేజినాయన, ఆయన తండ్రి. తర్వాత అమ్మ, నాయనమ్మ, ముత్తవ్వ. తర్వాత అమ్మ తండ్రి వైపు మూడు తరాలు, వారి భార్యలు. బతికి ఉన్నవారిని వదిలేసి ముందుకు వెళ్ళాలి. చివర అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనమామ, అత్తమామలు, చదువు చెప్పిన గురువు, స్నేహితుడు, ఎవరు పోతే వారు. మహాలయానికి ఉన్న ప్రత్యేకత ఇదే. తద్దినంలో చోటు దొరకనివారికి కూడా ఈ పక్షంలో నీళ్ళు వదలవచ్చు. పిల్లలు లేకుండా పోయిన చిన్నాన్నను, పెళ్ళికాకుండా పోయిన అక్కను ఇక్కడ తలుచుకోండి.

పళ్ళెంలో నీళ్ళు ఏం చేయాలి?

ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయండి. తులసికి పోయరు. సింకులో వంపకండి.

విస్తరి ఎక్కడ, ఎలా వేయాలి?

ఫొటోను దక్షిణం గోడకు ఆనించి, కడిగిన నేల మీద ఆకు వేసి, దీపం పెట్టి, అన్నీ వడ్డించి పక్కన మంచినీళ్ళు ఉంచండి. దేవుడి పటాలతో కలిపి పెట్టరు. వాకిట్లో ముగ్గు కార్యం అయ్యాకే వేస్తారు. ఇంట్లో అందరూ దండం పెట్టుకుని కాసేపు తలుపు దగ్గరికి వేసి బయట కూర్చోవడం మా వైపు ఆచారం.

కాకి రాలేదు. పెద్దలకు కోపమా?

కాదు. కర్నూలు, అనంతపురం పట్టణాల్లో కొన్ని వీధుల్లో కాకులు అసలు కనిపించడమే లేదు. మిద్దె మీద ఆకులో ముద్ద పెట్టి, నీళ్ళు పెట్టి, పది నిమిషాలు చూడండి. రాకపోతే ఆవుకు పెట్టండి. కుక్కకు, చీమలకు కూడా భాగం తీయడం ఉంది కాబట్టి ఆ ముద్ద వృథా కాదు. ప్లాస్టిక్ కవరులో మాత్రం పెట్టకండి, ఆవు కవరుతో సహా మింగుతుంది.

అపార్టుమెంటులో ఉంటాం, ఇద్దరం ఉద్యోగులం. రోజంతా ఎలా నడపాలి?

2021 మే 14న తండ్రి పోయిన ఉదాహరణే తీసుకుందాం. కర్నూలులో మూడో అంతస్తులో కొడుకు, కోడలు, ఒక పాప, పెద్దావిడ ఉన్నారనుకోండి. తదియ మంగళవారం, సెలవు లేదు. అందుకని అక్టోబరు 10 శనివారం అమావాస్య ఎంచుకుంటారు. శుక్రవారం రాత్రి నువ్వులు కడిగి, పేర్ల కాగితం రాసుకుంటారు. శనివారం ఉదయం కొడుకు ఏమీ తినడు. పాప, పెద్దావిడ పాలో పండో తీసుకుంటారు. తొమ్మిదింటికి ఉద్దిపప్పు నానబోసి, పదింటి నుంచి వంట. ఒంటిగంటా పావుకు బాల్కనీలో తర్పణం. పెద్దావిడ బతికే ఉన్నారు కాబట్టి అమ్మ పేరు చెప్పకుండా నాయనమ్మ దగ్గరి నుంచి మొదలుపెడతాడు. రెండు కల్లా విస్తరి, తర్వాత మిద్దె మీద కాకికి ముద్ద. స్వయంపాకం సంచి చేతికిచ్చి వచ్చాక, రెండున్నరకు అందరి భోజనం. రాత్రికి కొడుకు పలహారంతో సరిపెట్టుకుంటాడు. వంట ఆలస్యమైతే తగ్గించవలసింది కూరల సంఖ్య. సమయం దాటనివ్వకండి.

## దానం, ఇబ్బందులు

స్వయంపాకంలో ఏం ఇవ్వాలి? ఎవరికి ఇవ్వాలి?

ఒక కుటుంబం ఒక పూట కడుపునిండా వండుకునేంత: రెండు కిలోల బియ్యం, అర కిలో కందిపప్పు, మూడు రకాల కూరగాయలు, బెల్లం, నెయ్యి, చింతపండు, ఉప్పు, అరటిపళ్ళు, తాంబూలంలో దక్షిణ. గుడి అర్చకుడికో, వేదం చదివే విద్యార్థికో ఇవ్వడం పద్ధతి. అమావాస్య నాడు వారి ఇంట్లో ఇలాంటి సంచులు పేరుకుపోతాయి. అలాంటప్పుడు వృద్ధాశ్రమానికి, మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివారికి ఇవ్వండి. ఇంట్లో మనం తినని నాసిరకం బియ్యం ఇవ్వకండి.

వండే ఓపిక లేదు. హోటల్ భోజనం తెచ్చి పెట్టవచ్చా?

దానికంటే వండని బియ్యం, పప్పు ఇవ్వడమే మంచిది. దాన్ని ఆమ శ్రాద్ధం అంటారు, శాస్త్రం ఒప్పుకున్న పద్ధతి. తర్పణం వదిలి, సంచి ఇచ్చి, ఇంట్లో పాలు పొంగించి కాస్త పాయసం పెట్టండి.

ఈ పదిహేను రోజులు ఏమీ కొనకూడదా?

పెళ్ళి, గృహప్రవేశం వంటి శుభకార్యాలు పెట్టుకోరు. నిత్యావసరాలకు, వైద్యానికి, పిల్లల ఫీజులకు, పొలం పనులకు ఏ అడ్డూ లేదు.

మైల వచ్చి పక్షం మొత్తం దాటిపోయింది. ఇక వచ్చే ఏడాదేనా?

అక్కరలేదు. సూర్యుడు వృశ్చికరాశిలో ప్రవేశించేవరకు మహాలయం పెట్టుకోవడానికి గడువుంది. అది నవంబరు 16 ప్రాంతంలో వస్తుంది. మైల తీరాక, ఆశ్వయుజ బహుళంలో అదే తిథినాడో, దీపావళి అమావాస్య నాడో పెట్టుకోండి. 2026లో మహాలయ అమావాస్య తప్పిపోయినవారికి నవంబరు మొదటి రెండు వారాలు చేతిలో ఉంటాయి.